విధేయుడి సంతకం

మా తమ్ముడికి పిండిమర ఉందని అందరూ అంటారు. ఉన్నది వాడి పేరున. తిప్పేది మా మరదలు. తెల్లారేసరికి షట్టరు ఎత్తి, మోటారు వేసి, గోధుమలు పోసి, బెల్టు జారితే తనే బిగించుకుని, మధ్యాహ్నానికి కనుబొమలతో సహా తెల్లబడి కూర్చుంటుంది. వీధిలో అందరూ దాన్ని మరమ్మ అంటారు. మావాడు మాత్రం చలవ చేసిన చొక్కా తొడుక్కుని పేకాటకు పోతాడు. నా తోడబుట్టినవాడే, అయినా చెప్పాల్సింది చెప్పాలిగా!

ఏటా లైసెన్సు పునరుద్ధరణకు పురపాలక కార్యాలయానికి అర్జీ పెట్టాలి. ఆ అర్జీ రాసేదీ అదే. దస్తూరి ముత్యాల్లా ఉంటుంది. మర పక్కన గోనెసంచి మీద కూర్చుని రాస్తుంది:

"విషయం: పిండిమర వ్యాపార లైసెన్సు పునరుద్ధరణ కొరకు దరఖాస్తు.

అయ్యా, నేను పై చిరునామాలో పిండిమర నడుపుకొనుచున్నాను. నా లైసెన్సు గడువు ఈ నెలాఖరుతో ముగియుచున్నది. నిర్ణీత రుసుము చెల్లించి రసీదును, పాత లైసెన్సు నకలును జతపరచితిని. కావున మరొక సంవత్సరమునకు పునరుద్ధరించవలసినదిగా కోరుచున్నాను.

ఇట్లు, తమ విధేయుడు."

కింద మొగుడి సంతకం కూడా అదే పెట్టేది. మొదటిసారి వాణ్ని అడిగితే, "ఆ గీతేదో నువ్వే గీకెయ్, నా ప్రాణం తీయకు" అన్నాడట. అప్పట్నుంచీ అంతే.

ఈసారి చిక్కొచ్చి పడింది. లైసెన్సుదారు స్వయంగా వచ్చి గుమస్తా ఎదుటే సంతకం పెట్టాలన్నారు. గడువు దాటితే మరకు సీలు వేస్తారు. పిల్లల చదువూ ఇంటి పొయ్యీ ఆ మర మీదే. మరదలు గడగడలాడిపోయి, "వదినా, మీరూ రండి, మీ తమ్ముడు అక్కడ ఏం నోరు జారతారో" అంది. సరేనని బయల్దేరాను.

గుమస్తా కళ్లద్దాల మనిషి, నిదానస్తుడు. మావాడి గుర్తింపు కార్డు చూశాడు, సంతకం పెట్టమన్నాడు. వీడు జమీందారులా కలం ఝళిపించి బరికాడు. గుమస్తా పాత అర్జీల ఫైలు తిప్పాడు, ఆగాడు, మళ్లీ తిప్పాడు.

"కార్డులో ఉన్నది మీరే. మరి ఈ పాత సంతకాలు మీవి కావే. ఎవరు పెట్టారండీ?"

మరదలి మొహంలో నెత్తుటిచుక్క లేదు. మావాడు మొహమాటపడి, "నేనే పెట్టమన్నానండీ" అంటే పోయేది. వాడేమన్నాడో తెలుసా?

"నాకేం తెలుసండీ? నేనెప్పుడూ ఈ ఆఫీసు మెట్లు ఎక్కలేదు."

ఛీ! నాకు ఒళ్లు మండిపోయింది. అక్కడే చెంప పగలగొడదామనుకున్నాను.

గుమస్తా ఫైలు మూశాడు. "ఎవరో తప్పుడు సంతకాలతో మర నడుపుతున్నారన్నమాట. పై అధికారికి రాయాలి. విచారణ తేలేదాకా పునరుద్ధరణ ఆగుతుంది."

"నేనేనండీ," అంది మరదలు. తల దించలేదు. "అర్జీలూ నేనే రాశాను. సంతకాలూ నేనే పెట్టాను. మర నేనే నడుపుతున్నాను."

మావాడు నేల చూపులు చూస్తున్నాడు. "నోరు పడిపోయిందిరా? చెప్పు!" అన్నాను. అప్పుడు కదిలింది పెదవి. "నేనే పెట్టమన్నానండీ. అది చెప్పింది నిజమే. మర దానిదే."

గుమస్తా కళ్లద్దాలు తుడుచుకుని మా ముగ్గురినీ చూశాడు. ఆ సంతకాలు తన ఎరుకతోనే జరిగాయని మావాడు రాసివ్వాలన్నాడు. దాని మీద ఏం చేయాలో పై అధికారి తేలుస్తాడు, తన చేతిలో ఏమీ లేదన్నాడు. లైసెన్సు మరదలి పేరుకి మారాలంటే మాత్రం దారి ఉందట, మావాడి సమ్మతి పత్రం, ఆవిడ దరఖాస్తు. రెండూ ఈ పూటే ఇస్తే గడువులో వచ్చినట్టే లెక్క.

మావాడు గొణుక్కుంటూనే ఆ ఒప్పుకోలూ, సమ్మతి పత్రమూ రాసిచ్చాడు. మరదలు బల్ల అంచున కూర్చుని తన దరఖాస్తు గబగబా రాసింది. "నడుపుకొనుచున్నాను" దగ్గర ఒక్క క్షణం ఆగి, మళ్లీ రాసింది. చివర "తమ విధేయురాలు" అని పెట్టింది.

ఆ కింద కలం ఆనించి, అలవాటుగా మావాడి పేరులో మొదటి అక్షరం రాసేసింది.

"అమ్మా, మీ పేరు," అన్నాడు గుమస్తా మెల్లగా.

అది కొట్టేసింది. మళ్లీ కలం పెట్టింది. చెయ్యి కదల్లేదు. నావైపు తిరిగి, "వదినా, నా సంతకం ఎలా ఉంటుంది?" అంది.

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశాను.