చోడి మొలకలకు టీబీ మందు

తొంభైల చివర అరకు దగ్గర ఒక జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పేవాణ్ణి. ఏటా వానాకాలంలో ఒకటే గారడీ. మందుల షాపులో స్ట్రెప్టోమైసిన్ సీసా కొని, ఆ పొడి నీళ్ళలో కలిపి, చోడి గింజలు, అంటే రాగులు, నానబెట్టేవాణ్ణి. మొలకలొచ్చేవి, వేళ్ళొచ్చేవి, ఆకులూ వచ్చేవి. కాకపోతే ఆకులు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండేవి. షాపతను మాత్రం నాకు టీబీ అని తేల్చేసుకుని, చిల్లర చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి ఇవతలికి తోసేవాడు.

పిల్లలు నోరెళ్ళబెట్టాక అసలు కథ మొదలుపెట్టేవాణ్ణి. ఆకులోని హరితరేణువు ఒకప్పుడు విడిగా బతికిన బాక్టీరియా. ఇంకో కణం దాన్ని మింగింది గానీ అరిగించుకోలేదు. అది లోపలే కాపురం పెట్టేసింది. మైటోకాండ్రియా కథా ఇంతే, అది ఇంకా ముందొచ్చిన మరో బాక్టీరియా. సాక్ష్యమా? కేంద్రకంలో ఉన్నది కాక ఈ రెండింటికీ సొంత డీఎన్‌ఏ ఉంది, బాక్టీరియాకున్నట్టే వలయంలా. ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములూ సొంతవే, అవీ బాక్టీరియా బాపతు. స్ట్రెప్టోమైసిన్ ఆ బాపతు వాటినే పట్టుకుంటుంది, కణంలోని మిగతా రైబోజోముల జోలికి పోదు. అందుకే మొక్క లేచింది, పచ్చదనం రాలేదు. ఇంత చరిత్రకూ పరీక్షలో రెండు మార్కులు.

ఆ ఏడు అనంతగిరి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి లేచి నిలబడింది.

"మైటోకాండ్రియాది కూడా ఆ బాపతే కదా సార్. మరి టీబీ వోళ్ళకి ఈ సూది ఏస్తే దానికేటీ అవదా?"

ఒళ్ళు మండింది. సిలబస్‌లో లేనివి అడిగితే ఎవరికైనా మండుతుంది. మనుషుల్లో ఆ రైబోజోములు కాలం గడిచేకొద్దీ కొంత మారిపోయాయి, మందు వాటిని అంతగా పట్టదు అని చెప్పి కూర్చోమన్నాను. కూర్చోలేదు. వాళ్ళమ్మకు టీబీ వస్తే కొన్ని సూదులు పడేసరికి చెవులు పోయాయట. మేనమామకూ అంతేనట. ఇప్పుడు అక్క మాత్రలు మధ్యలో మానేసింది, జబ్బు తిరగబెట్టింది. సోమవారం నుంచి అక్కకు రెండు నెలలపాటు అదే సూది.

అప్పుడు గుర్తొచ్చింది. విశాఖలో ఒక పత్రికలో చదివాను. కొన్ని కుటుంబాల్లో మైటోకాండ్రియా డీఎన్‌ఏలో ఒకే ఒక్క అక్షరం తేడాగా ఉంటుంది. దాంతో ఆ రైబోజోము మళ్ళీ పాత బాక్టీరియా పోలికలోకి వెళ్తుంది, మందు పట్టేస్తుంది, లోచెవిలో కణాలు చచ్చిపోతాయి. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తాయి కాబట్టి ఇదీ తల్లి వైపు నుంచే దిగుతుంది. ఎంత బాగుందో అనుకుంటూ చదివాను, పత్రిక మడిచేశాను.

సోమవారం అక్కాచెల్లెళ్ళతో పాటు ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరు, కొండ కింద ఊళ్ళ నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు. "దాదాపు రెండు వందల కోట్ల ఏళ్ళ కిందట," అని మొదలుపెట్టాను.

"బయట లైను చూశారా మాస్టారూ?" అన్నాడు.

చూశాను, అయినా ఆపలేదు. మింగిన కణం, వలయం డీఎన్‌ఏ, చోడి మొలకలు, తల్లి నుంచి దిగే ఆ ఒక్క అక్షరం తేడా, అన్నీ చెప్పాను. అతను చీటీలు రాస్తూనే ఉన్నాడు. మధ్యలో ఒకసారి తలెత్తి, నాకు నిద్ర సరిగా పడుతోందా అని అడిగాడు. ఈలోగా నర్సు సూది సిద్ధం చేసింది, అక్క జాకెట్టు చెయ్యి పైకి లాక్కుంది.

చెల్లెలు ముందుకొచ్చింది. "మాయమ్మకీ, మావకీ ఇదే సూది సార్. ఇద్దరికీ సెవులు పోనాయి."

అతని పెన్ను ఆగింది. "ఆ ముక్క ముందు చెప్పాలి కదండీ!" అని నా మీద విసుక్కున్నాడు. పై ఆఫీసరుకు ఫోన్ చేశాడు. గర్భిణులకు ఎలాగూ ఆ సూది మానేసి మాత్రలతోనే నడిపిస్తున్నారు కాబట్టి, ఈమెకూ అలాగే చేద్దామని తేలింది. నా రెండు వందల కోట్ల ఏళ్ళూ దండగ.

ఈసారి అక్క మాత్రలు మానలేదు. మార్చిలో, తెమడలో టీబీ లేదని తేలాక, వాళ్ళింటికి వెళ్ళాను. చెల్లెలు వాకిట్లోంచి మామూలు గొంతుతో పిలిస్తే, కాఫీ తోటలోంచి అక్క "వస్తన్నా" అంది. నా ఛాతీ ఉబ్బింది. బాక్టీరియాను నేనే పెంచి పెద్దచేసినంత గర్వం.

అరుగు మీద కందులు చెరుగుతున్న వాళ్ళమ్మ చేట పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "నాకూ తమ్ముడికీ పోనాయి, దీనికెలా తప్పింది బాబూ?" అని గట్టిగా అడిగింది. నాకిక కావలసిందేముంది, గొంతు సవరించుకున్నాను.

చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది. "ఆ తేడా అమ్మ కాడినుంచే వచ్చిందని సెప్పకండి సార్. ఇనబడదు గానీ, నోరు సూసి పోల్సీసుకుంటాది."

వాళ్ళమ్మ నా పెదాల వంకే చూస్తోంది. కాఫీ పూత బాగా వచ్చిందమ్మా అన్నాను.