ముందు పెట్టాల్సిన దండం

మంగళవారం పొద్దున సిరిసిల్లలో బడికి బయలుదేరుతుంటే పెద్దబాపు కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, బాపు పోయిండు. చాయ తాగి గోడకు ఒరిగిండు, గంతే" అన్నాడు. చేతిలో ఉన్న అన్నం డబ్బా అక్కడే పెట్టి కోరుట్ల బస్సెక్కాను.

పెద్దబాపు అంటే మా నాయనకు అన్న. నాయన నా చిన్నప్పుడే చనిపోతే, మెట్‌పల్లి మార్కెట్లో పసుపు బస్తాలు మోసి నన్ను చదివించాడు. అంతకుముందు ఊళ్లో ఒక పటేల్ ఇంట్లో పాలేరుగా జీతం ఉండేవాడట. ఆ ఇంట్లో పలక పట్టుకున్న పిల్లవాడికి కూడా ఆయనే ముందు దండం పెట్టాలి. ముసలివాడైన మా తాత దండం పెట్టినా ఆ ఇంటివాళ్లు ముఖం తిప్పి చూసేవారు కాదట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతులో కోపం ఉండేది కాదు.

అందుకేనేమో, నలుగురు కూర్చున్న చోటికి ఎలా వెళ్లాలో నాకు పట్టుబట్టి నేర్పాడు. వచ్చినవాళ్లే కూర్చున్నవాళ్లను ముందు పలకరించాలి. గడప దగ్గర చెప్పులు విడుస్తూనే అందులో అందరికంటే పెద్ద ఎవరో చూసుకోవాలి. "అంగీ చూడకు బిడ్డా, నెత్తి చూడు" అనేవాడు. వయసులో నాకంటే చిన్నవాడైనా వరసకు చిన్నబాపు అయితే పెద్దవాళ్ల లెక్కలోకే వస్తాడు. చూపు ఆననివాళ్లకు దూరం నుంచి చేతులు జోడిస్తే సరిపోదు, దగ్గరికి పోయి చెయ్యి పట్టుకుని పేరు చెప్పాలి. పక్కింటి దర్జీ చాచాకు సలాం అనాలి. శుభకార్యంలో మూల కూర్చున్న విధవ పెద్దమ్మలను దాటిపోకూడదు. ఇక వియ్యాలవారు వస్తే మనవాళ్లకంటే వాళ్లే ముందు. "మనోళ్లు ఏమనుకోరు. ఆగుతరు" అనేవాడు.

ఆ చివరి మాటనే నేను తర్వాత నాకు సాకుగా వాడుకున్నాను.

రెండేళ్ల కిందట జగిత్యాల దగ్గర నేను అప్పుడు టీచరుగా ఉన్న బడిలో నాకు సన్మానం చేశారు. పెద్దబాపును నేనే రమ్మన్నాను. ఉతికిన ధోతి కట్టుకుని, నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. నేను వరండాలోకి వచ్చేసరికి మధ్యలో సోఫా మీద మండల అధికారి, పక్కన మా హెడ్మాస్టరు, ఆయన పక్కన ఆ పటేల్ మనవడు. పాతికేళ్ల కుర్రాడు, బడికి గేటు చేయించాడని పిలిచారు. ప్లాస్టిక్ కుర్చీల వరసలో చివరన పెద్దబాపు. అందరిలోకీ పెద్ద ఆయనే. ఆయన చేతులు అప్పటికే ఒళ్లోంచి కొంచెం లేచి ఉన్నాయి, నా దండం అందుకోవడానికి.

నా బదిలీ కాగితం ఆ అధికారి దగ్గర ఉంది. ముందు ఆయనకు నమస్తే చెప్పాను. తర్వాత హెడ్మాస్టరుకు. అక్కడైనా ఆగి చివరి కుర్చీ దగ్గరికి పోవచ్చు. పోలేదు. పటేల్ మనవడి ముందు వంగి "నమస్తే సార్" అన్నాను. అతను ఫోన్ చూసుకుంటూ తల ఊపాడు.

తిరిగి చూసేసరికి పెద్దబాపు లేచి నిలబడి ఉన్నాడు. ముందు ఆ కుర్రాడి వైపు తిరిగి "దండం పటేలా" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి చేతులు జోడించి, "నమస్తే మేడం" అన్నాడు.

"గట్ల అంటవేంది పెద్దబాపూ?" అన్నాను, నవ్వబోతూ.

"అందరు గట్లనే అంటుండ్రు కద బిడ్డా" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. అలసిపోయిన మనిషి మాట అది. జీవితమంతా కష్టపడి నేర్పింది ఒక్క వరండాలో పోయిందని ఆయనకు అర్థమైపోయింది. తర్వాత భోజనం చేశాడు, ఫొటోలో నిలబడ్డాడు, బస్సెక్కి పోయాడు. ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆ మాట ఎత్తి తిట్టి ఉంటే కాళ్లమీద పడేదాన్ని. నేను కూడా ఎత్తలేదు. పండక్కి వెళ్లినప్పుడు గడపలోనే "దండం పెద్దబాపూ" అనేదాన్ని. ఆయన "ఆఁ" అని, నాకు చాప కాకుండా కుర్చీ వేయించేవాడు.

బస్సు దిగి ఇంటికి చేరేసరికి వాకిలి నిండా మనుషులు. చావింట్లో ఎవరూ ఎవరికీ నమస్తే పెట్టరు, ఎవరు ముందనే లెక్క ఉండదు. వచ్చినవాళ్లు వచ్చినట్టు నేల మీద కూలబడుతున్నారు. పెద్దమ్మ నా మెడ పట్టుకుని ఏడ్చింది. కొంత తేరుకున్నాక మెల్లగా అంది:

"మొన్న ఐతారం నువ్వు అస్తనంటివి కద. మేడం అస్తది, కుర్చీ కడుగుండ్రి అన్నడు. పొద్దూకిందాక వాకిట్లనే కూసున్నడు."

ఆ ఆదివారం నాకు వేరే పనేమీ లేదు. బద్ధకించి వెళ్లలేదు.

కడిగిన కుర్చీ ఇంకా వేపచెట్టు పక్కనే ఉంది. అంతమంది నేల మీదే కూర్చున్నారు. దాని మీద ఎవరూ కూర్చోలేదు.