భరోసా మేడమ్ దాచుకున్న గుడ్లు

మా సంతాన సాఫల్య క్లినిక్ కౌన్సెలర్‌ని అందరం భరోసా మేడమ్ అంటాం. ముందుముందు పిల్లల కోసం తమ గుడ్లు గడ్డకట్టించి దాచుకుందామని వచ్చిన ప్రతి అమ్మాయికీ ఆవిడ ఒకటే పాట పాడేది: "కంగారేం లేదమ్మా. ఇది మీకు బీమా లాంటిది. తొంభై శాతం సక్సెస్." నిజానికి ఆ తొంభై, గడ్డకట్టిన గుడ్లను కరిగించాక బతికేవాటి లెక్క. పుట్టే పిల్లల లెక్క కాదు. పోస్టర్ మీద బోసినవ్వుల పాపాయి కింద ఆ అంకె వేయించింది మా పెద్ద డాక్టరు. ల్యాబ్‌లో గుడ్లు చూసే నాకు సంగతి తెలుసు. నన్నడిగేదెవరు?

చెప్పీ చెప్పీ ఆ మాట ఆవిడే నమ్మేసింది. తన గుడ్ల సంగతికొస్తే, ముప్ఫై నాలుగో ఏట "వచ్చే ఏడు చూద్దాం" అంది. ముప్ఫై ఆరో ఏట "ప్రమోషన్ రానీ" అంది. ముప్ఫై ఎనిమిది నిండాక స్టాఫ్ డిస్కౌంట్ పుచ్చుకుని వచ్చింది. ఆ డిస్కౌంట్ గుడ్లు తీయడానికే. ఇంజెక్షన్లు, ఏటా నిల్వ అద్దె, రేపు కరిగించి పిండం చేసి కడుపులో పెట్టే ఖర్చు, అన్నీ వేరే. గొణిగితే, "చిన్న అక్షరాల్లో ఉంది కదమ్మా" అన్నాడు డాక్టరు. ఆ చిన్న అక్షరాలు టైపు చేసింది ఆవిడే!

ఇంట్లో వాళ్లమ్మ అప్పుడే మనవరాలికి పేరు వెతకడం మొదలుపెట్టింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమట.

గుడ్లు తీసిన సాయంత్రం, మత్తు పూర్తిగా దిగకుండానే నన్ను పిలిపించుకుంది.

"ఎన్నొచ్చాయే?"

"తొమ్మిది. అందులో పండినవి ఆరు. వాటినే దాచాం."

"ఆరా... పోన్లే, తొంభై శాతం ఉంది కదా. నాకు ఒక్క బిడ్డ చాలు."

జాలి పడాల్సింది. నాకు ఒళ్లు మండింది.

"ఆ తొంభై కరిగించాక బతికే గుడ్ల లెక్క, పిల్లలది కాదు. ఈ వయసు గుడ్లు ఆరుంటే, ఒక బిడ్డ పుట్టే అవకాశం మూడో వంతు ఉంటే గొప్ప. నాలుగేళ్ల కిందట తీయించుకుంటే ఇవే ఆరుకి సగం దాకా ఉండేది. ఇంకా ఎక్కువ వచ్చేవి కూడా."

"మళ్లీ చేయించుకుంటే?"

"ఇంకొన్ని రావచ్చు. వయసు మాత్రం వెనక్కి రాదు."

గోడవైపు తిరిగి ఏడ్చింది. నేను ఓదార్చలేదు.

మరుసటి వారం ముప్ఫై నాలుగేళ్ల అమ్మాయొకతె వచ్చింది. మేడమ్ పాట మారింది.

"బీమా గీమా ఏం లేదు తల్లీ. ఆ తొంభై కరిగించాక బతికే గుడ్లు, పిల్లలు కాదు. చేయించుకుంటే ఇప్పుడే చేయించుకో, రెండేళ్లాగితే అవకాశం తగ్గుతుంది. ఇప్పుడు చేయించుకున్నా హామీ మాత్రం ఎవరూ ఇవ్వలేరు."

అమ్మాయి మొహం మాడ్చుకుని బ్యాగు భుజాన వేసుకుంది.

"ఎదురు క్లినిక్‌లో తొంభై అయిదు అన్నారండీ. కంగారేం లేదన్నారు కూడా."

రోడ్డు దాటి వెళ్లిపోయింది. ఎదురు క్లినిక్‌లో కూర్చున్న కౌన్సెలర్‌కి, ఒకప్పుడు మా దగ్గర పనిచేసిన రోజుల్లో, ఆ మాటలు నేర్పింది మా భరోసా మేడమే.