కత్తెరమ్మ ఆపిన నలభై సెకన్లు

"తీసేయమంటే తీసేయాలమ్మా! అక్కడే ఉంచమని ఎవరు చెప్పారు మీకు?"

"సినిమాలో ఉంచలేదు సార్. కనపడకుండా, వినపడకుండా ఆపాను."

"రెండూ ఒకటే!"

"ఒకటే అయితే మీకు అంత కోపం దేనికి?"

మూడు టీలు పట్టుకుని వస్తున్న కెమెరామన్ మెట్ల మీదే ఆగిపోయాడు. పై గదిలో అరుస్తున్నది వంతెన కంపెనీ ప్రచార అధికారి. అరవకుండా తిప్పికొడుతున్నది ఎడిటర్. ఊళ్లో ఆమెను అందరూ కత్తెరమ్మ అంటారు. ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నా ఏదీ ఒక పట్టాన కత్తిరించదని వెక్కిరింపుగా పెట్టిన పేరది. ఆమె దాన్నే తలుపు మీద రాయించుకుంది.

గొడవ నలభై సెకన్ల గురించి. కంపెనీ పదేళ్ల పండక్కి తీసిన సినిమాలో క్రేన్ నడిపే పెద్దాయన ఒక మాటన్నాడు: "నడుముకి కట్టుకునే బెల్టులు మొదట లేవు బాబూ. మావాడు ఒకడు పడిపోయాకే వచ్చాయి." ఆయన మాట్లాడనంటే, "మీరు చెప్పింది తప్పకుండా సినిమాలో ఉంటుంది" అని ఒట్టేసి ఒప్పించింది కెమెరామనే. ఇప్పుడు ఆ ఒట్టు టీలకంటే వేగంగా చల్లారిపోతోంది.

లోపలికి వెళ్లగానే అధికారి ఇతని మీద పడ్డాడు. "నువ్వైనా చెప్పవయ్యా!"

"పోనీలే అక్కా, తీసేద్దాం. గొడవెందుకు?"

కత్తెరమ్మ అతని వైపు ఒక చూపు చూసింది. అంతలో ఎవరో పెళ్లి వీడియో కోసం వచ్చారని కింది జిరాక్స్ షాపాయన కేకేశాడు. ఆమె దిగి వెళ్లింది.

"నొక్కు," అన్నాడు అధికారి.

తెర మీద, కత్తెరమ్మ ఆపి ఉంచిన ఆ ముక్క మసక రంగులో ఉంది. కెమెరామన్ దాన్ని ఎంచుకుని, ఖాళీ కూడా మిగలకుండా పోయేలా డిలీట్ కొట్టాడు. వెనకున్న దృశ్యాలన్నీ నలభై సెకన్లు ముందుకు జరిగి అతుక్కున్నాయి. సంగీతం ట్రాక్‌కి మాత్రం తాళం వేసి ఉంది. అది కదల్లేదు. నడిపించి చూస్తే రిబ్బన్ కత్తిరించే చోట మోగాల్సిన బాకాలు ఆలస్యంగా, సరిగ్గా అధికారిగారు ముక్కు తుడుచుకునే చోట మోగాయి.

"ఇదేంటయ్యా!"

"సర్దేస్తాను సార్."

"రేపు సర్దుదువు. ముందు సేవ్ చేసి మూసెయ్. మళ్లీ ఆమె చేతికి దొరక్కూడదు."

అతను సేవ్ చేశాడు. మూయబోయాడు.

"మూశావంటే చెయ్యి విరగ్గొడతా!" గుమ్మంలో కత్తెరమ్మ. "సేవ్ చేసినా వెనక్కి తేవచ్చు. మూసేస్తే చేసిన పనుల చిట్టా పోతుంది, ఇక అన్‌డూ ఉండదు. లే అక్కణ్నుంచి."

రెండు మీటలు కలిపి ఒక్కసారి నొక్కింది. దృశ్యాలు వెనక్కి జరిగాయి, పెద్దాయన తన చోటికి వచ్చి కూర్చున్నాడు.

"అసలు వీడియో డిస్కులో ఉంటుంది కదక్కా," గొణిగాడు కెమెరామన్.

"ఉంటుంది. ఎక్కడ మొదలెట్టాం, ఎక్కడ ఆపాం, ఆయన గొంతు వెనక గాలి హోరు ఎంత తగ్గించాం, అవి డిస్కులో ఉండవురా. రెండు రోజుల పని. టేపుల కాలంలో నేనూ నీలాగే తెలివైనదాన్నే. బాగాలేదని ఓ పెళ్లికూతురి నవ్వు మీద వేరేది ఎక్కించేశాను. ఆరు నెలలకి ఆ అమ్మాయి పోయింది. వాళ్ల నాన్న వచ్చి ఆ నవ్వే అడిగాడు. ఏం చెప్పను?"

ఆమె పెద్దాయన ముక్కను పై ట్రాక్‌లోకి ఎత్తింది. బొమ్మా గొంతూ రెండూ ఆపే ఉన్నాయని చూసుకుంది. ఆ చోట నలుపు కనపడకుండా కింది ట్రాక్‌లో క్రేన్ తిరిగే దృశ్యాలు పరిచింది. సినిమాను ఫైలుగా తీసి అధికారికి మొదటి నుంచి చివరి దాకా చూపించింది. పెద్దాయన లేడు. బాకాలు రిబ్బన్ దగ్గరే మోగాయి.

"సినిమా మీది సార్, తీసుకెళ్లండి. మీరు వద్దన్నది అందులో లేదు. ముక్కలు పేర్చిన ఈ టైమ్‌లైన్ నాది. ఇందులో ఎవర్నీ చెరపను."

"ఇంకెప్పుడూ మీకు పని ఇవ్వను!"

"మంచిది. మెట్లు జాగ్రత్త, మూడోది విరిగింది."

అధికారి సినిమా ఎక్కించిన పెన్‌డ్రైవ్ జేబులో కుక్కుకుని దిగిపోయాడు. మూడో మెట్టు దగ్గర చిన్న చప్పుడైంది. కత్తెరమ్మ చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసింది. కెమెరామన్ తలెత్తలేకపోయాడు.

"నన్ను తిట్టక్కా."

"తిడితే నీకు హాయిగా ఉంటుంది. అందుకే తిట్టను." మసకబారిన ఆ ముక్క వైపు వేలు చూపించింది. "ఒక్క పని చేసిపెట్టు. రేపు ఆ పెద్దాయన్ని ఇక్కడికి తీసుకురా. సినిమాలో మీరు లేరని నీ నోటితో నువ్వే చెప్పు. తర్వాత ఆయన్ని ఈ కుర్చీలో కూర్చోబెట్టి, దీన్ని మళ్లీ వెలిగించే మీట నువ్వే నొక్కు."