స్విచ్చు పిడి మీది తువ్వాలు

మా నాన్నది ఖమ్మంలో కిరాణా దుకాణం. చెప్పిన ధరకు సగం అడగడం నాకు అక్షరాల కంటే ముందే వచ్చింది. ఆ విద్యతోనే సత్తుపల్లి వైపు ఒక పామాయిల్ మిల్లులో కొనుగోళ్ల గుమాస్తాగా చేరాను. తర్వాత సేఫ్టీ ఆఫీసరు గారి కాగితాల పని కూడా నా నెత్తినే పడింది. నా రాత గొప్పదని కాదు, నాలుగు మాటల్లో అయ్యే పనికి ఐదో మాట ఖర్చు పెట్టనని ఆయనకు తెలుసు.

ఆ వానాకాలం, పొద్దున షిఫ్టు మారే వేళ, గెలలు మోసే కన్వేయర్ గొలుసులో మా ఫిట్టరు ఎడమ చెయ్యి పడింది. రెండు వేళ్లు విరిగాయి. దర్యాప్తు బృందం వారం తిరిగేసరికి లావుపాటి రిపోర్టు ఇచ్చింది: వాంగ్మూలాలు, ఫొటోలు, రిజిస్టరు నకళ్లు, చివర అనుబంధాలు. గురువారం సేఫ్టీ కమిటీ కూర్చుంటుంది. అందులో సగం మంది కార్మికులు, సగం మంది యాజమాన్యం తరఫు వాళ్లు.

"అంత రిపోర్టు ఎవ్వరూ చదవరు మేడం," అన్నారు ఆఫీసరు గారు. "ఒక్క పేజీ. ఏం జరిగింది, దానికి ఏమేం తోడైనయి, ఇప్పుడు మనం ఏం చేస్తం. మూడే ముక్కలు."

ఒక్క పేజీ అంటే నాకు సంబరమే. పొద్దున మొదలుపెట్టి టీ వేళకు ముగించాను. కారణాల కింద మొదటి వరుస: "స్విచ్చు మీద ఉంచిన గుర్తును స్వీపరు అనుమతి లేకుండా తీసివేయడం." పొట్టిగా, అందంగా ఉంది.

బయటికి వస్తే ఆ స్వీపరే మెట్ల మీద కూర్చుని ఉంది. అడవి అంచున ఉన్న గూడెం నుంచి కాంట్రాక్టు పనికి వచ్చే మనిషి. నా కంటే పదేళ్లు పెద్దది. కమిటీ తేల్చేదాకా రావొద్దన్నాడట కాంట్రాక్టరు. అయినా వచ్చింది.

"అమ్మా, నా మీద రాసిండ్రా?"

"ఇంకా అయిపోలే అక్కా."

"ఆ ఫిట్టరు తువ్వాలు మర్సిపోయిండనుకున్న. మొన్న కూడా క్యాంటీన్ల మర్సిపోతే నేనే తెచ్చిచ్చిన. గట్లనే మడతేసి ఆయన టిఫిన్ గిన్నె మీద పెట్టిన." సంచి ఒళ్లోకి లాక్కుంది. "పని పోతదా?"

కాగితం చూసొస్తానని లోపలికి వచ్చాను. దుకాణంలో కూడా అంతే. ధర చెప్పడం ఇష్టం లేనప్పుడు తక్కెడ తుడుస్తూ నిలబడతాం.

కూర్చుని జరిగినది వరుసలో పెట్టడం మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ఒక్కో వరుస పక్కన అది రిపోర్టులో ఏ పేజీలో ఉందో వేసుకుంటూ పోయాను. గెలలు ఇరుక్కుని కన్వేయర్ ఆగింది. ఫిట్టరు స్విచ్చు పిడి కిందికి దించాడు. పిడికి తన ఎర్ర తువ్వాలు కట్టాడు. తువ్వాలు ఉంటే మనిషి లోపల ఉన్నాడని మా ఫిట్టర్ల పద్ధతి. ఏ కాగితం మీదా లేదు, అందరికీ తెలుసని అందరూ అనుకునేది. అతను గొలుసు మీది రేకు మూత విప్పి, స్విచ్చు బోర్డు దగ్గరి నుంచి కనబడని కొసకు వెళ్లాడు. రాలిన కాయలు ఊడుస్తూ వచ్చిన స్వీపరు తువ్వాలు తీసింది. షిఫ్టు మారింది. దిగిపోయే ఆపరేటరు ఫిట్టరు లోపల ఉన్నాడని రిజిస్టరులో రాయలేదు. ఎక్కినవాడు తువ్వాలు లేని పిడిని చూశాడు, పైకి ఎత్తాడు, బటను నొక్కాడు. కదిలే ముందు మోగాల్సిన హారను చాన్నాళ్లుగా మూగ.

ఇంతవరకూ వరుస ఆగకుండా నడిచింది. పిడి ఎవరూ ఎత్తకుండా తాళం వేయాల్సింది పోయి, ఫిట్టరు తువ్వాలు ఎందుకు కట్టాడన్న దగ్గర ఆగింది. అతని వాంగ్మూలంలో ఒకటే మాట: "తాళం లేదు." ఎందుకు లేదు? దానికి రిపోర్టులో ఉన్నది ఇంతే: "అనుబంధం నాలుగు చూడండి."

అనుబంధం నాలుగు తిప్పితే నా చేతిరాత. ఫిట్టరుకొకటి చొప్పున ఆరు తాళాలు కావాలన్న అర్జీ మీద నేను రాసిన మాట: "ప్రస్తుతానికి రెండు చాలు." ఆ రోజు నాకు బాగా గుర్తు. దుకాణదారుతో గంట సేపు బేరమాడి, టీ కూడా అతని చేతే తెప్పించుకుని, గెలిచి వచ్చాను. ఆ రెండు తాళాలూ కరెంటు గది బీరువాలో ఉన్నాయి. కన్వేయరు దగ్గరికి ఒక్కటీ రాలేదు.

అనుబంధాల దాకా ఎవరూ పోరు. ఒక్క వరుస వదిలేస్తే పేజీ ఇంకా పొట్టిగా ఉంటుంది. పావుగంట సేపు ఆ లాభం లెక్క వేసుకున్నాను, అబద్ధమెందుకు. మెట్ల మీద ఆమె సంచి ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుని ఉంది.

రాశాను. "కన్వేయరు విభాగానికి తాళాలు లేవు. ఆరు అడగగా కొనుగోళ్ల విభాగం రెండే కొన్నది." దాని కింద: "తువ్వాలు గుర్తు రాతపూర్వక పద్ధతి కాదు, స్వీపర్లకు ఎవరూ చెప్పలేదు, శిక్షణ జాబితాలో వారి పేర్లు లేవు." తర్వాత రిజిస్టరు, హారను. ఆమె తువ్వాలు తీసిన సంగతి జరిగిన వరుసలో ఉంది, దాచలేదు. కారణాల్లోంచి మాత్రం తీసేశాను.

మేనేజరు గారు చదివి కళ్లజోడు తీశారు. "స్వీపరు నిర్లక్ష్యం అని ఒక్క మాట పెట్టమ్మా, కాంట్రాక్టరుతో అయిపోతది."

"పెడతా సార్. రేపు ఇంకో స్వీపరు వస్తది. ఆమెకు తువ్వాలు సంగతి ఎవరు చెప్తరు?"

"నీ మీద నువ్వే రాసుకున్నవ్ ఏంది?"

"చేతిరాత నాదే కద సార్."

ఆయన నవ్వలేదు గాని ఎర్ర పెన్ను పక్కన పెట్టారు. అదే ఊపులో, చేయాల్సిన పనుల కింద పది తాళాలు అడిగాను. "ఆరుగురు ఫిట్టర్లకు పదెందుకు?" అన్నారు. ఎనిమిదికి దిగాను. నాకు కావలసింది ఎనిమిదే, కరెంటు పనివాళ్లు ఇద్దరిని కలుపుకుని. పుట్టి బుద్ధెరిగాక ఎక్కువ కొనిపించడానికి బేరమాడింది ఆ ఒక్కసారే.

గురువారం కమిటీలో ఆ పేజీ చదివాను. "అందరూ జాగ్రత్తగా ఉండాలి" అని చివర ఒక వరుస ఉంటే, కార్మికుల తరఫు పెద్దాయన దాని మీద వేలు పెట్టాడు. "గిది పని ఎట్లయితదమ్మా? ఎవలు చేస్తరు, ఎన్నడు చేస్తరు, అయిందని ఎవలు చూస్తరు?"

కొట్టేశాను. మిగిలిన ప్రతి పనికీ మనిషి, గడువు, తనిఖీ చేసేవారు. తాళం, దానికున్న ఒకే ఒక్క తాళపుచెవి ఎవరివి వాళ్ల దగ్గరే. తాళం వేశాక బటను నొక్కి, కదలడం లేదని చూసుకుని చెయ్యి పెట్టడం. హారను బాగయ్యేదాకా కన్వేయర్ పొడుగునా నడిచి చూశాకే నడపడం. ఈ పద్ధతంతా స్వీపర్లకు వాళ్ల గూడెం మాటలోనే చెప్పడం.

"మరి తువ్వాలు తీసినామె?" అని ఒకరు అడిగారు. కట్టుతో వచ్చి మూల కూర్చున్న ఫిట్టరు లేచాడు. "ఆమె నా తువ్వాలు పోకుండ దాసింది సార్. ఆమెను తీసేస్తే నన్ను గూడ తీసెయ్యుండ్రి, తువ్వాలు కట్టింది నేనే."

ఆమె మరునాటి నుంచి పనిలో ఉంది.

కొన్నాళ్లకు మధ్యాహ్నం క్యాంటీనుకు వెళితే, బల్ల మీద ఎర్ర తువ్వాలు. పక్కన చీపురు పట్టుకుని ఆమె, కాపలా ఉన్నట్టు. ముట్టుకోలేదు, ఎవరినీ ముట్టనివ్వలేదు. ఆమె అన్నం చల్లారిపోతోంది.

ఫిట్టరు గుమ్మంలోకి వచ్చి చూశాడు. నడుముకు కట్టుకున్న తాళపుచెవి పైకెత్తి చూపించాడు.

"అక్కా, నేను ఈడనే ఉన్న. గది ఒట్టి తువ్వాలే. తీస్కరా."

ఆమె నా వైపు చూసింది. నేను తలూపాను. అప్పుడు తీసి, దులిపి, నాలుగు మడతలు వేసి, అతని మంచి చేతిలో పెట్టింది.