దినాల కార్డు మీద నా పేరు

మా నానమ్మ పోయింది సరిగ్గా నా డిగ్రీ చివరి ఏడాది ప్రాక్టికల్స్ ముందు. తన చేతిలో ఉంటే నా పరీక్షలయ్యేదాకా తప్పకుండా ఆగేది, అంత పట్టింపు మనిషి. అమ్మా బాపూ నాచారం ఫ్యాక్టరీల్లో షిఫ్టులకు పోతుంటే, చిల్కానగర్ ఇంట్లో నన్ను పెంచింది ఆమే.

పదో దినం, నా కెమిస్ట్రీ ప్రాక్టికల్ ఒక్కరోజే పడ్డాయి. పరీక్షకు పోతే ఆమె కర్మకు ఉండను. పోకపోతే ఆ ప్రాక్టికల్ మళ్ళీ వచ్చే ఏడాదే.

"పరీక్షకు పో బిడ్డా. ఆడివిల్లవు, నువ్వు లేకుంటే ఈడ ఏం ఆగదు," అన్నాడు బాపు. మంచికే అన్నాడు గానీ నాకు ఒళ్ళు మండింది. అన్నం ముందునుంచి లేచిపోయాను.

మా కెమిస్ట్రీ మేడమ్ దారి చూపింది. థియరీ తేదీ ఎవరి కోసమూ మార్చరట. ప్రాక్టికల్ అలా కాదు. మాది సొంతంగా పరీక్షలు పెట్టుకునే కాలేజీ. బయటి ఎగ్జామినర్ మూడు రోజులుండి మూడు బ్యాచులను చూస్తారు. చివరి బ్యాచ్‌లో చోటుంటే అందులోకి మార్చొచ్చు. నా దరఖాస్తు మీద సంతకం పెట్టి పరీక్షల ఆఫీసుకు పొమ్మంది.

ఉప్పల్‌లోని ఆ ఆఫీసులో సూపరింటెండెంట్ కోస్తా వైపు మనిషి, నెమ్మదస్తుడు. మరణ ధ్రువపత్రం అడిగాడు. మున్సిపల్ ఆఫీసు నుంచి అది ఇంకా రాలేదు. దినాల కార్డు ఇచ్చాను. పైన నానమ్మ ఫొటో, కింద పదో దినం తేదీ, దాని కింద ఇంటివాళ్ళ పేర్లు. ఆయన మొత్తం చదివి, మళ్ళీ చదివాడు.

"ఇందులో నీ పేరేదమ్మా?"

వంగి చూశాను. కొడుకుల పేర్లున్నాయి. మనుమల పేర్లున్నాయి, ఇంకా పాకుతున్న మా చిన్నబాపు కొడుకు పేరుతో సహా. మనుమరాళ్ళం ఒక్కరమూ లేము. మా వైపు కార్డులన్నీ అంతే. దాని అచ్చుతప్పులు దిద్దింది కూడా నేనే, అయినా నాకు తట్టలేదు!

"పేరు లేకుంటే ఆమె నాకు నానమ్మ కాకుండ పోతదా సార్? ఆమె చేతి ముద్దలు తిని పెరిగిన నేను!" గొంతు లేచింది. పక్క బల్లలవాళ్ళు తలెత్తి చూశారు.

"కోప్పడకమ్మా. కాదని నేననట్లేదు. ఫైల్లో సంబంధం కనపడాలి కదా. మీ ఇద్దరి పేర్లూ ఉన్న కాగితం ఏదైనా పట్రా. అనుమతి ఇవ్వాల్సిన కంట్రోలర్‌గారు సాయంత్రం దాకా ఉంటారు."

బయట కాయిన్ ఫోన్ నుంచి ఇంటికి చేశాను. బాపు ఎత్తాడు. "కార్డు మీద నా పేరు లేదంట బాపూ," అన్నాను. అటువైపు ఫోన్ పెట్టేసిన చప్పుడు. ఏడుపొచ్చింది.

ఆటో ఎక్కాక రేషన్ కార్డు గుర్తొచ్చింది. నానమ్మతో పాటు ఇంట్లో అందరి పేర్లూ దాంట్లో ఉంటాయి! ఇంటికి పోతే బాపు లేడు. అమ్మ కార్డు తీసిచ్చింది. వచ్చిన ఆటోలోనే తిరిగి పోయాను. కంట్రోలర్ గారు కార్డు చూసి, చివరి బ్యాచ్‌లో చోటుందా అని మేడమ్‌కు ఫోన్ చేసి, దరఖాస్తు మీద అనుమతి రాశారు. సూపరింటెండెంట్ నా పేరు మొదటి బ్యాచ్ జాబితాలో కొట్టేసి చివరిదాంట్లో రాసుకున్నాడు.

"కార్యం దగ్గరుండి చూసుకోమ్మా. హాల్ టికెట్ మర్చిపోకు," అన్నాడు. నేనరిచిన అరుపులు ఆయన మనసులో పెట్టుకోనేలేదు. ప్రాణం లేచొచ్చింది.

ఇంటికొచ్చేసరికి బాపు అరుగు మీద కొత్త కార్డుల కట్ట ముందేసుకుని కూర్చున్నాడు. ఒకటి నా చేతిలో పెట్టాడు. మనుమల పేర్ల కంటే పైన మనుమరాళ్ళ పేర్లు, అందులో మొదటిది నాది.

"బాపూ, పని అయిపోయింది. రేషన్ కార్డు సరిపోయింది. ఉత్తగ మళ్ళ కొట్టిస్తివి."

"ఆఫీసోళ్ళ కోసం కొట్టిచ్చిన్నా ఏంది?" అని కసిరాడు. "నడువ్, పంచొద్దాం."

పాత కార్డులు అప్పటికే గల్లీ అంతా ఇచ్చేశాం. మళ్ళీ ఒక్కో ఇంటి గడపా తొక్కాం. మొదటి ఇంట్లోనే పక్కింటి పెద్దమ్మ కార్డు అటూ ఇటూ తిప్పి చూసింది.

"గిదేంది, మొన్ననే ఇస్తిరి గద! మళ్ళెందుకు?"

బాపు తల దించుకుని చెప్పాడు. "తప్పు వడ్డది వదినా. మా బిడ్డ పేరు మర్చిపోయినం."