కత్తిరించిన సీలు మీది అక్షరం

నాగుల పంచమి నాడు మా ఇళ్లలో పెనం పొయ్యి మీద పెట్టరు. వేయించడం, కాల్చడం ఏదున్నా ముందు రోజే కానివ్వాలి. సూరత్‌కు వచ్చి మగ్గాల మధ్య ఇన్నేళ్లు బతికినా ఈ పట్టింపు మాత్రం మమ్మల్ని వదల్లేదు. గుజరాతీల నాగపంచమి మా తర్వాత, బహుళ పక్షంలో వస్తుంది. అందుకే మా పండుగ రోజు బయట ఊరంతా మామూలుగా తిరుగుతూ ఉంటుంది.

సూరత్‌లో మేముండే లింబాయత్ పేటలో మా గుడికి ప్రతి ఏటా చిమ్మిలి చేసేది నేనే. నువ్వులు వేయించి, బెల్లంతో దంచి, ముద్దలు కట్టి నైవేద్యం పెడతాం. ఆ ఏడు నా మణికట్టు బెణికి గరిటె తిప్పలేకపోయాను. పెద్ద స్టోర్‌లో వాళ్ల సొంత పేరుతో అమ్మే వేయించిన నువ్వులు తెచ్చాను. కోడలు ఇంటికి ఎప్పుడూ తెచ్చే కవరే అది. అదే రంగు, అదే బొమ్మ. ఇంక చూడాల్సింది ఏముందనుకున్నాను.

మనవరాలికి పల్లీ పడదు. ఒక పెళ్లిలో తెలియక పల్లీ పొడి వేసిన కూర తిని పెదవులు వాచిపోయాయి, ఊపిరి ఆడలేదు. ఆసుపత్రి బయట నేను చదివిన స్తోత్రాలు నాకే వినబడలేదు. అప్పటి నుంచి కోడలి సంచిలో మందులు, ఇంట్లో ప్రతి కవరు వెనక వైపు చదివే అలవాటు ఉన్నాయి. పల్లీపట్టీలు చేసే ఒక పెద్ద కంపెనీ సరుకు ఏదీ మా గడప దాటదు.

ఆ ఏడు మనవరాలు మొదటిసారి గుళ్లో అందరితోపాటు వరుసలో నిలబడి ప్రసాదం తీసుకుంటానంది. మిగతా ప్రసాదాలు ఎలా ఉన్నా నానమ్మ చేసే చిమ్మిలి తినొచ్చని వాళ్లమ్మ కూడా ఒప్పుకుంది.

దేవుడి సరుకు అంగడి కవర్లతో గుళ్లోకి పోకూడదని నా నియమం. పొద్దున్నే స్నానం చేసి, కవర్ల అంచులు కత్తెరతో తీసేసి, నువ్వులన్నీ ఒకే ఇత్తడి గంగాళంలో పోశాను. బెల్లం వేసి దంచడానికి పక్కింటి వదిన వచ్చింది. సగం ముద్దలు అయ్యేసరికి కోడలు తలస్నానం చేసి వంటింట్లోకి వచ్చింది. గంగాళం చూసింది.

“అత్తమ్మా, కవర్లేవి?”

“డబ్బాల ఏసిన. నువ్వు తెచ్చేటియే గదా.”

ఆమె చెత్తడబ్బాలోంచి ఒక ఖాళీ కవరు తీసి కిటికీ దగ్గర పట్టుకుంది. నేనూ కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. పెద్ద అక్షరాల్లో ముంబై చిరునామా, దాని పక్కన ఫుడ్ లైసెన్సు నంబరు ఉన్నాయి.

“ముంబైల చేసిన్రు. పల్లీలూ లేవు, ఏం లేవు,” అన్నాను.

“అది అమ్మేటోళ్ల అడ్రస్ అత్తమ్మా. చేసేటోళ్లది కాదు. కింద చూడుండ్రి.”

మడత కింద ఇంకా సన్నని అక్షరాలు ఉన్నాయి. చేసినవాళ్ల చిరునామాలు రెండు. ‘ఎ’ అంటే ఊంఝాలో ఒక చోటు, ‘బి’ అంటే రాజ్‌కోట్ దగ్గర ఇంకో చోటు. పేర్లు లేవు, లైసెన్సు నంబర్లు మాత్రం వేరువేరుగా ఉన్నాయి. ఏ కవరు ఎక్కడిదో తెలియాలంటే బ్యాచ్ నంబరు మొదటి అక్షరం చూడాలని రాసి ఉంది.

“నేను తెచ్చేటియన్నీ ‘ఎ’నే,” అంది కోడలు. “లైసెన్స్ నంబర్‌తోని పేరు పట్టుకొని ఊంఝా వాళ్లకు ఫోన్ చేసి కనుక్కున్న. ఆడ నువ్వులు, జీలకర్ర తప్ప ఏం చెయ్యరు. ‘బి’ని నేనెప్పుడూ చూడలే. బ్యాచ్ నంబర్ ఏది?”

బ్యాచ్ నంబరు కవరు పైఅంచు సీలు మీద ఉంటుందట. ఆ అంచులే నేను కత్తిరించేశాను.

అంచులు ఊడ్చిన చెత్తలో ఉన్నాయి. బయట మున్సిపాలిటీ చెత్త బండి పాట వినిపిస్తోంది. మడి సంగతి మరిచి గుమ్మం దగ్గర కూర్చుని చేటలోని చెత్తంతా నేల మీద గుమ్మరించాను. కోడలు ఒక్కొక్క ముక్కనే వెలుగుకు పట్టి చదువుతోంది.

వదిన రోకలి ఆపి నవ్వింది. “ఏందే కోడలా, దేవుని ప్రసాదానికి గూడ లైసెన్స్ జూస్తున్నవా?”

“దేవునికేం లైసెన్స్ వద్దు పెద్దమ్మా. ఫ్యాక్టరోనికి కావాలె.”

“గిన్నేండ్ల సంది తింటున్నం, ఎవలకేమైంది? నమ్మకం ఉంటే విషం గూడ అరుగుతది.”

మామూలుగా అయితే ఆ మాట నేనే అనేదాన్ని. ఆ రోజు మాత్రం మనసులో నామం చెప్పుకుంటున్నాను. అన్నీ ‘ఎ’ కావాలి తండ్రీ, అన్నీ ‘ఎ’ కావాలి. ఎ, ఎ, మళ్లీ ఎ. చివరికి తడి పూలరేకులకు అంటుకున్న ముక్క ఒకటి మిగిలింది. కోడలు బొటనవేలితో తుడిచింది.

‘బి’.

ఆమె ఫోన్‌లో ఫుడ్ లైసెన్సులు చూసే సర్కారు సైటు తెరిచి, ‘బి’ పక్కనున్న నంబరు కొట్టింది. పేరు వచ్చింది. చదివి, ఫోన్ నా ముందు పెట్టింది. మా గడప దాటనివ్వని పల్లీపట్టీల కంపెనీయే అది. చిరునామా కూడా కవరు మీద ఉన్నదే. ఆ లైసెన్సు మీద చేసే సరుకుల్లో పల్లీలు, నువ్వులు రెండూ ఉన్నాయి.

“రెండూ చేస్తే రెండూ కలుస్తయా? మిషిన్లు వేరుండొచ్చు,” అన్నాను. అది ఆశ మాత్రమే.

పేరు దొరికాక ఫోన్ నంబరు దొరకడం ఎంతసేపు. కోడలు స్పీకర్ పెట్టి గుజరాతీలో అడిగింది. అవతలి మనిషి మర్యాదగానే చెప్పాడు. వేయించే డ్రమ్ము ఒకటేనట. సింగ్‌దాణా, అంటే పల్లీలు, అయ్యాక శుభ్రం చేశాకే నువ్వులు వేస్తారట. “పల్లీ పడని బిడ్డకు పెట్టొచ్చా?” అని అడిగితే, “బేన్, చెల్లెమ్మా, నా ఇంట్లో పిల్లయితే పెట్టను,” అన్నాడు.

గంగాళం కేసి చూశాను. ఒక్క కవరులోవి వేరు చేసి తీసే దారి లేదు, అన్నిటినీ నా చేతులతోనే కలిపాను. వదిన చేతులు కడుక్కోవడానికి లేచింది. కొత్తగా నువ్వులు వేయిద్దామంటే ఆ రోజు పెనం పెట్టరాదు. పెట్టినా అదే రోకలి, అదే రోలు.

మనవరాలు పట్టులంగా కట్టుకుని వచ్చింది. “నానమ్మా, లైన్‌లో ఫస్ట్ నేనే కదా?”

కోడలు నా వైపు చూసింది. చెప్పాల్సింది నేనే.

“బిడ్డా, గిది నీకు పడదు. పల్లీ తగిలింది.”

“అయితే భగవాన్ నారాజ్ అయితడా, కోపమొస్తదా?” అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆకైనా, పువ్వైనా, నీళ్లైనా భక్తితో ఇస్తే ఆయన తీసుకుంటాడని చిన్నప్పటి నుంచి వల్లె వేశాను, పది మందికి చెప్పాను. ఆయన తీసుకునే నీళ్లు ఆయన ఇస్తే మాత్రం తక్కువవుతాయా?

“కాడు. నువ్వే ఫస్ట్ నిలబడు. తీర్థం తీసుకో,” అన్నాను.

తలస్నానం మళ్లీ చేశాను. గుళ్లో నైవేద్యం అయ్యాక, ముద్దలు పంచే ముందు లేచి నిలబడి, ఇందులో పల్లీ తగిలి ఉండొచ్చు, పడనివాళ్లు తీసుకోవద్దని గట్టిగా చెప్పాను. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. మనవరాలు అందరికంటే ముందు నిలబడి, అయ్యగారు ముద్దలు ముట్టుకోక ముందే తీర్థం తీసుకుంది. కళ్లకద్దుకుని, తాగి, తడి చేయి తలకు రాసుకుంది.

ఆ తర్వాత పిల్లలందరూ చిమ్మిలి జిగురు చేతులతో ఆడుకోవడానికి ఆమె చుట్టూ చేరారు. ఒక పిల్ల ఆమె చెయ్యి పట్టుకుంది. భజన మొదలైంది. నేను తాళం వేస్తూనే ఉన్నాను గానీ, నా చూపు దేవుడి మీద లేదు. మనవరాలి పెదవుల మీదే ఉంది.